తొమ్మిది నిమిషాల సంగీతానికి పిలుపు: విశాఖలో ఒక చిన్న గేమ్ కేస్ స్టడీ

ఎంవీపీ కాలనీలో ఇద్దరు ప్రోగ్రామర్లు ఉద్యోగాలు చేసుకుంటూనే ఒక చిన్న గేమ్ తయారుచేస్తున్నారు. చేపల రేవు నేపథ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కదా, అది ముగిసిన తెల్లారి ఒక మరపడవ మొదటిసారి సముద్రంలోకి వెళ్లడంతో ఆట మొదలవుతుంది. ఐసు, డీజిలు ఎంత ఎక్కించాలి, ఎంత దూరం వెళ్లాలి, గాలి మారకముందే ఎప్పుడు తిరగాలి, రేవులో వేలం పాటకి ఏ ధర దగ్గర సరుకు వదలాలి అన్నవి ఆటగాడు తేల్చుకోవాలి. పూర్తి చేయడానికి మూడు గంటలు పడుతుంది. అమ్మేది స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో. సంగీతానికి వాళ్లకి తోచిన మనిషి గాజువాకలో ఉండే పాత స్నేహితుడు. పెళ్లిళ్లకి, ఫంక్షన్లకి కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో చిన్న రికార్డింగు గది ఉంది, సొంత బాణీలు కట్టగలడు, గేమ్‌కి మాత్రం ఎప్పుడూ చేయలేదు.

అతనికి పంపిన సందేశం ఎలా తయారైంది, అందులోని ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చింది, పని నడిచేటప్పుడు ఏ షరతు పనికొచ్చింది అన్నదే ఈ కేసు.

మొదటి ముసాయిదా ఎందుకు పంపలేదు

ముందు రాసుకున్నది ఇంతే:

> మావా, ఒక గేమ్ చేస్తున్నాం, అదిరిపోద్ది. మ్యూజిక్ నువ్వే కొట్టాలి. ఇప్పుడైతే చేతిలో డబ్బుల్లేవు గానీ రిలీజయ్యాక వచ్చినదాంట్లో 15 శాతం నీకే. ఒక నాలుగైదు ట్యూన్లు చాలు. ఏమంటావ్?

స్నేహితుల మధ్య ఇలాంటి పిలుపు తిరగని చోటు లేదు. ఇందులో మోసం లేదు. చిక్కు ఏమిటంటే దీనికి జవాబు చెప్పడానికి కావలసిన సమాచారం ఒక్కటీ లేదు. నాలుగైదు ట్యూన్లంటే ఐదు నిమిషాలా, ఇరవై నిమిషాలా? ఎప్పటికి కావాలి? 15 శాతం అంటే దేనిలో 15 శాతం? ఇవి అడిగితే స్నేహితుడి దగ్గర లెక్కలు చూసుకుంటున్నట్టు ఉంటుందని అతను అడగడు. ‘సరే చూద్దాంలే’ అంటాడు. ఆ మాటని వీళ్లు ఒప్పుకోలు అనుకుంటారు. నాలుగు నెలల తర్వాత ఒక్క ట్యూనూ రాదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేరు.

వాటా సంగతి ఇంకా లోతుగా చూడాలి, ఎందుకంటే చాలామంది నిజాయితీగానే అది మంచి బేరం అనుకుని ఇస్తారు. లెక్క వేద్దాం. గేమ్ 500 కాపీలు అమ్ముడైందనుకుందాం. తొలి గేమ్‌కి, ప్రచారానికి డబ్బు లేని జట్టుకి అది అంత తేలికైన సంఖ్య కాదు. డిస్కౌంట్లు, ఆయా దేశాల ధరలు, పన్నులు, వెనక్కిచ్చిన కాపీలు పోగా కాపీకి సగటున 200 రూపాయలు లెక్కలోకి వస్తే మొత్తం లక్ష. స్టీమ్ 30 శాతం తీసుకుంటే 70,000. అందులో మూడో వంతు అమెరికా అమ్మకమైతే, భారత్–అమెరికా పన్ను ఒప్పందం కింద ఆ భాగంపై 15 శాతం అక్కడే కోసేస్తారు, అంటే సుమారు 3,500. బ్యాంకు ఖర్చులూ మారకం తేడా కలిపి ఇంకో 1,500 పోతే చేతికొచ్చేది 65,000. దానిలో 15 శాతం 9,750 రూపాయలు.

అతను పెట్టవలసిన శ్రమ 64 గంటలు (ఆ లెక్క కింద ఉంది). గంటకి 150 చిల్లర. అదీ గేమ్ బయటికొస్తేనే, వచ్చిన తర్వాతే. అంటే వాటా మాత్రమే ఇస్తామన్నప్పుడు స్నేహితుణ్ని పనికి పిలవడం లేదు, గేమ్‌లో పెట్టుబడి పెట్టమని అడుగుతున్నారు. ఆ మాట ఆ పేరుతోనే అడిగితే తప్పు లేదు. సందేశంలో మాత్రం అది పారితోషికంలాగా కనిపించింది.

ధర ఎలా కట్టారు

గేమ్ సంగీతానికి నిమిషానికి ఇంత అని కట్టడం వాడుక. నిమిషం అంటే పూర్తయి, మిక్స్ అయి, ఆటలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న సంగీతం. ఆటలో అది ఎన్నిసార్లు తిరిగి మోగినా లెక్క ఒక్కసారే. అందుకని ధరకి ముందు జాబితా కావాలి. ఆటలోని తెరలన్నీ వరసగా ఆడి చూసి, ఎక్కడ సంగీతం లేకపోయినా నడుస్తుందో అక్కడ కొట్టేశారు. మిగిలినవి ఆరు: మొదటి తెరకి 80 సెకన్లు, పగటి రేవుకి 80, రాత్రి సముద్రానికి 120, తుఫానుకి 80, వేలం పాట జరిగే చోటుకి 60, చివర పేర్లు పడేటప్పుడు 120. మొత్తం 540 సెకన్లు, తొమ్మిది నిమిషాలు. వీటికి తోడు నాలుగు చిన్న బిట్లు, ఒక్కొక్కటి మూడు నుంచి ఆరు సెకన్లు: వల నిండినప్పుడు, వల చిరిగినప్పుడు, రోజు ముగిసినప్పుడు, తెల్లారినప్పుడు. పగటి రేవు, రాత్రి సముద్రం రెంటికీ ఒక్కో అదనపు పొర కూడా కావాలి. ప్రమాదం దగ్గరపడుతుంటే అదే బాణీ మీద ఆ పొర పైకి లేస్తుంది.

నిమిషానికి ఎంత అన్నది ఇంటర్నెట్‌లో వెతికితే డాలర్లలో రకరకాల ధరలు కనిపిస్తాయి. ఏదీ గాజువాక కీబోర్డు కళాకారుడి బతుకు లెక్కకి అతకదు. వీళ్లు పట్టుకున్న కొలత అతని ఫంక్షన్ రేటు. ఒక రాత్రికి అతనికి 3,500 వస్తుంది. సౌండ్ సరిచూసుకునే సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి దాకా ఏడు గంటలు, అంటే గంటకి 500. గేమ్ పని అంతకన్నా తక్కువకి అడగకూడదన్నది గీత. పూర్తయిన నిమిషానికి, మార్పులతో కలిపి, ఆరు గంటలు అనుకున్నారు. తొమ్మిది నిమిషాలకి 54 గంటలు. బిట్లకి, పొరలకి, మాట్లాడుకోవడానికి ఇంకో పది. అదే 64 గంటలు.

గంటకి 500 చొప్పున 32,000 అవుతుంది. దాన్ని వస్తువుల మీదికి పంచారు: నిమిషానికి 3,000 చొప్పున 27,000, బిట్టుకి 500 చొప్పున 2,000, అదనపు పొరకి 1,500 చొప్పున 3,000. ఇలా విడగొట్టడం వల్ల పెద్ద లాభం ఉంది. తర్వాత ఒక బాణీ తగ్గినా పెరిగినా మళ్లీ బేరం ఆడక్కర్లేదు, ధర ముందే తెలిసి ఉంటుంది.

గేమ్‌కి వీళ్లు పెడుతున్న నగదు మొత్తం లక్షా యాభై వేలు. బొమ్మలకి 65,000, సంగీతానికి 32,000, భాషాంతరాలకి 24,000, ట్రైలరుకీ దుకాణం పేజీ బొమ్మలకీ 20,000, స్టీమ్‌లో పెట్టడానికి కట్టే 100 డాలర్లు సుమారు 9,000. ఈ 1,50,000 అంకె సందేశంలో చెప్పారు. స్నేహితుడికి ఖర్చులు చూపించడం నామోషీ అనుకుంటారు గానీ, తనకి వచ్చేది మొత్తంలో ఎంత భాగమో కనిపిస్తే అతను ధర గురించి మొహమాటం లేకుండా మాట్లాడగలడు.

పంపిన సందేశం

> మావా, ఇది పని గురించి. తీరిగ్గా చదువు. ఈ వారంలో ఎప్పుడు జవాబిచ్చినా చాలు. వీలుకాదంటే ఒక్క ముక్క ‘కాదు’ అని పెట్టెయ్, కారణం అక్కర్లేదు, మనిద్దరి మధ్యా ఏమీ మారదు.
>
> మేం ఇద్దరం చేపల రేవు మీద చిన్న గేమ్ చేస్తున్నాం. ఆడుతుండగా తీసిన వీడియో పంపుతున్నాను, నాలుగు నిమిషాలుంటది. చప్పుళ్లు ఉన్నాయి, సంగీతం లేదు. దానికి నీ సంగీతం కావాలి. నిన్నే ఎందుకంటే, నువ్వు ఫంక్షన్లలో పాటకీ పాటకీ మధ్య వాయించే ముక్కలు ఉంటాయే, కీబోర్డు కిందనుంచి నెమ్మదిగా నడుస్తుంటది, ఎవరి మాటకీ అడ్డురాదు. ఆటలో కావలసింది అదే.
>
> కావలసినవి: ఆరు బాణీలు, మొత్తం 9 నిమిషాలు. నాలుగు చిన్న బిట్లు. రెండు బాణీలకి అదనంగా ఒక్కో పొర. విడివిడిగా ఏది ఎంతసేపో కింద జాబితా పెట్టాను.
>
> డబ్బు: మొత్తం 32,000. నిమిషానికి 3,000, బిట్టుకి 500, పొరకి 1,500 లెక్కన. మొదలుపెట్టకముందు 8,000. ఆరు బాణీల కచ్చా రూపం విన్నాక 8,000. ఫైళ్లన్నీ ఇచ్చిన ఏడు రోజుల్లోపు మిగిలిన 16,000. గేమ్ రిలీజుకీ నీ డబ్బుకీ సంబంధం లేదు. మేం ఆలస్యం చేసినా, అసలు మానేసినా నీది నీకొస్తది.
>
> బయటి వాయిద్యకారులు ఎవరైనా కావాలంటే 5,000 దాకా మేమే విడిగా పెట్టుకుంటాం. ముందు ఒక మాట చెప్పు చాలు.
>
> మార్పులు: ఒక్కో బాణీకి రెండుసార్లు అడుగుతాం. మూడోసారి అడిగితే వెయ్యి రూపాయలు. కచ్చా విన్నాక ఇది వద్దు, వేరేది కట్టు అంటే వద్దన్నదానికి సగం ధర ఇస్తాం. ఆ బాణీ నీదే, ఎక్కడైనా వాడుకో.
>
> వాటా: గేమ్ మీద మా ఖర్చు 1,50,000. స్టీమ్ కోతలు, పన్నులు పోగా మా బ్యాంకులో పడ్డది ఆ అంకె దాటాక, ఆ పైన వచ్చే ప్రతి రూపాయిలో 10 శాతం నీకు, ఐదేళ్లపాటు. ఆరు నెలలకోసారి స్టీమ్ లెక్క కాగితం నీకు పంపుతాం. ఉన్నమాట చెప్తున్నా, 500 కాపీలు పోతే నీ వాటా సున్నా. 2,000 పోతే సుమారు 11,000. కాబట్టి ఒప్పుకునేది 32,000 చూసి ఒప్పుకో, వాటా చూసి కాదు.
>
> హక్కులు: బాణీలు నీవే. ఈ గేమ్‌లో, దాని అప్‌డేట్లలో, వేరే మెషీన్లకి తెచ్చే వెర్షన్లలో, ట్రైలర్లలో ఎప్పటికీ, ప్రపంచమంతా వాడుకునే అనుమతి మాకివ్వు. ఇవే బాణీలు మూడేళ్లదాకా ఇంకో గేమ్‌కీ ప్రకటనకీ ఇవ్వొద్దు. ఆల్బమ్‌గా నువ్వు అమ్ముకోవచ్చు, అందులో 80 నీకు, 20 మాకు. మొదటి తెర మీదే ‘సంగీతం’ అని నీ పేరు.
>
> టైము: ఆషాఢంలో నీకు పెళ్లిళ్లుండవు కదా, కచ్చా రూపాలు ఆ నెలలో. శ్రావణంలోనూ చవితి పందిళ్లప్పుడూ నిన్ను కదపం. పూర్తి ఫైళ్లు భాద్రపదం చివరికి. నీకు కుదరకపోతే నీ తేదీలు చెప్పు.
>
> రెండు ప్రశ్నలు. ఐపీఆర్‌ఎస్‌లో గానీ ఏదైనా మ్యూజిక్ కంపెనీలో గానీ సంతకం చేశావా? రెడీమేడ్ లూపులు ఏవైనా వాడతావా?
>
> కుదిరితే ఆదివారం కలిసి జాబితా చూద్దాం. ఒప్పుకుంటే ఒక పేజీ కాగితం రాసుకుందాం, ఇద్దరం సంతకం పెట్టాకే పని.

దీనిలో ‘కాదు’ అనడానికి దారి మొదటి పేరాలోనే ఉంది. అది చివర పెడితే మర్యాదకి అన్నట్టు ఉంటుంది, ఎందుకంటే అప్పటికే డబ్బు మాట, ఆదివారం మాట వచ్చేసి ఉంటాయి. ‘నిన్నే ఎందుకంటే’ అన్న వాక్యం పొగడ్త కోసం రాసింది కాదు. గేమ్ సంగీతం పాటలా ముందుకు రాకూడదన్న పని సూచన అందులో ఉంది, అదీ అతను రోజూ చేసే పని నుంచి తీసినది. ‘యాంబియంట్‌గా కావాలి’ అని రాసి ఉంటే అతను ఇంకేదో ఊహించుకునేవాడు.

వాటా ఖర్చులు తిరిగొచ్చాకే మొదలయ్యేలా పెట్టారు కాబట్టే అది సున్నా కావచ్చని చెప్పి తీరాలి. 2,000 కాపీలకి పైన వేసిన లెక్కనే తీసుకుంటే చేతికి 2,60,000 వస్తుంది. దానిలో 1,50,000 పోగా 1,10,000 మీద 10 శాతం. ఈ గుణకారం అతను చేసుకోగలడు, కానీ పిలిచేవాళ్లే చేసి చూపించడం వాళ్ల బాధ్యత. ‘నికరలాభం’ అన్న మాట సందేశంలో ఎక్కడా లేదు, గమనించండి. నికరలాభం అంటే ఏ ఖర్చైనా అందులో తోసెయ్యొచ్చు. ‘బ్యాంకులో పడ్డది’ అంటే బ్యాంకు పుస్తకం తీస్తే తేలిపోతుంది.

అతను మార్చిన మూడు సంగతులు

రెండో రోజు ఫోను చేసి ఒప్పుకున్నాడు, మూడు సవరణలతో. మూడూ అనుభవం ఉన్న కళాకారుడు అడిగేవే.

మొదటిది రెండో విడత 8,000 గురించి. ‘మీరు విన్నాక’ అంటే మీరు వినకపోతే నా డబ్బు ఆగిపోతుంది కదా అన్నాడు. నిజమే. ఉద్యోగాలు చేస్తూ గేమ్ చేసేవాళ్లు రెండు వారాలు ఫైలు తెరవకపోవడం మామూలు. కచ్చా పంపిన ఏడు రోజుల్లో ఏ మాటా రాకపోతే ఒప్పుకున్నట్టే అని రాసుకున్నారు.

రెండోది కచ్చా రూపం అంటే ఏమిటన్నది. ఒకరి దృష్టిలో అది పియానో మీద నాలుగేసి బీట్ల ఎనిమిది బార్లు, ఇంకొకరికి వాయిద్యాలన్నీ పడ్డ నిమిషం. కనీసం 16 బార్లు, ప్రధాన వాయిద్యం, దాని కింద తాళం ఉంటే కచ్చా అయినట్టు అని తేల్చారు. మిక్స్ అక్కర్లేదు.

మూడోది రెడీమేడ్ లూపుల ప్రశ్నకి జవాబు. సంగీతానికి రాయల్టీలు వసూలుచేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో చేరలేదన్నాడు గానీ డప్పుకి మాత్రం కొనుక్కున్న లూపుల ప్యాక్, అంటే ముందే రికార్డు చేసి అమ్మే తాళం ముక్కలు, వాడతానన్నాడు. ఆ ప్యాక్ లైసెన్సు గేమ్‌లో వాడుకోనిస్తుంది, అక్కడ ఇబ్బంది లేదు. చిక్కు యూట్యూబ్‌లో వస్తుంది. అదే లూపుతో పాట చేసిన ఇంకెవరో దాన్ని, వీడియోల్లో పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పెట్టి ఉంటే, ఈ గేమ్ ఆడి వీడియో పెట్టిన ప్రతివాడికీ కాపీరైట్ క్లెయిము పడుతుంది. చిన్న గేమ్‌కి ప్రచారం చేసిపెట్టేది వాళ్లే. అందుకని నిజం డప్పు రికార్డు చేద్దామన్నారు. 5,000 పరిమితిలోనే 2,500కి ఒక డప్పు కళాకారుడు దొరికాడు. వాయించినదాన్ని గేమ్‌లో, ఆల్బమ్‌లో వాడుకోవచ్చని అతని దగ్గరా రెండు వాక్యాల సంతకం తీసుకున్నారు, ఎందుకంటే వాయించినవాళ్లకీ చట్టంలో విడిగా హక్కులున్నాయి.

ఇదే కారణంగా కాగితంలో ఇంకో వాక్యం చేరింది: ఆల్బమ్‌ని ఏ డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేసినా కంటెంట్ ఐడీ వద్దని టిక్కు తీసేయాలి. ఆ పెట్టె చాలాసార్లు తెలియకుండానే టిక్కయి ఉంటుంది.

ఒక పేజీ కాగితం ఎందుకు

వాట్సాప్‌లో ‘సరే మావా’ అన్నాక కాగితమెందుకు అనిపించవచ్చు. 1957 కాపీరైట్ చట్టంలో బాణీకి మొదటి యజమాని దాన్ని కట్టినవాడు. ఉద్యోగిగా జీతానికి కడితే జీతమిచ్చేవాళ్లది అవుతుంది గానీ, స్నేహితుడికి బయటి పనిగా ఇచ్చి డబ్బు కట్టినంత మాత్రాన హక్కు మారదు. కాబట్టి 32,000 చెల్లించాక కూడా, రాతలో అనుమతి లేకపోతే గేమ్ వాళ్ల చేతిలో గట్టిగా చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు.

19వ సెక్షన్‌లో ఇంకా ముఖ్యమైన మూడు సంగతులున్నాయి. అవి లైసెన్సులకీ వర్తిస్తాయి. కాలం రాయకపోతే ఐదేళ్లే అని లెక్క. ప్రదేశం రాయకపోతే భారతదేశం వరకే. స్టీమ్ అన్ని దేశాల్లో అమ్ముతుంది కాబట్టి ప్రదేశం మరిస్తే బయటి దేశాల్లో, కాలం మరిస్తే ఐదేళ్ల తర్వాత గేమ్ అనుమతి లేకుండా అమ్ముతున్నట్టే. మూడోది తక్కువమంది చూసేది: ఇచ్చిన హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, కాగితంలో వేరేగా రాసుకోనంతవరకు, అది రద్దయిపోతుంది. చిన్న గేమ్‌లు అనుకున్న తేదీకి రావడం అరుదు, ఏడాది దాటడం వింతేమీ కాదు. అందుకే కాగితంలో ‘ఏడాదిలోపు వాడకపోయినా ఈ అనుమతి రద్దు కాదు’ అని ఒక వాక్యం పెట్టారు. దాని పక్కనే అతని రక్షణకి ఇంకొకటి: మూడేళ్లలో గేమ్ రాకపోతే బాణీలన్నీ ఏ ఆంక్షా లేకుండా అతనికి తిరిగిపోతాయి, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగరు.

పూర్తి హక్కులు రాయించుకుంటే పోయేది కదా అని కొందరు అంటారు. అడగొచ్చు, కానీ అప్పుడు నిమిషానికి 3,000 సరైన ధర కాదు. అతను ఆ బాణీని మళ్లీ ఎన్నడూ అమ్ముకోలేడు, ఆల్బమ్ వేసుకోలేడు. ఈ గేమ్‌కి కావలసినదంతా లైసెన్సులో దొరుకుతున్నప్పుడు వాడని హక్కులకి స్నేహితుడి దగ్గర తక్కువ ధర కట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

పన్ను మాట క్లుప్తంగా. అతను తన పాన్ నంబరుతో మామూలు బిల్లు ఇచ్చాడు, డబ్బు బ్యాంకు ద్వారానే పంపారు. జట్టు కంపెనీగా నమోదై ఉండి, వృత్తి రుసుము ఏడాదిలో 50,000 దాటి ఉంటే 10 శాతం టీడీఎస్ పట్టాల్సివచ్చేది.

ఫైళ్లు వచ్చాక

ఫంక్షన్లలో వాయించేవాళ్లకి కొత్తగా ఉండేది ఒక్కటే: గేమ్‌లో బాణీకి ముగింపు ఉండదు, చివర మళ్లీ మొదట్లో కలవాలి. అతుకు వినబడకూడదు. దీనికోసం లూపు అయ్యే నాలుగు బాణీలకీ టెంపో నిమిషానికి 96 బీట్లుగా ఖాయం చేశారు. శబ్దాన్ని సెకనుకి 48,000 ముక్కలుగా, అంటే శాంపిళ్లుగా, రికార్డు చేస్తే అది శుభ్రంగా భాగమవుతుంది.

```
60 / 96 = 0.625 s
0.625 * 48000 = 30000 samples
32 * 4 * 30000 = 3840000 samples = 80 s
```

బీటుకి సరిగ్గా 30,000 శాంపిళ్లు. 32 బార్లు 80 సెకన్లు, 48 బార్లు 120, 24 బార్లు 60. అదే 44,100 దగ్గరైతే బీటుకి 27,562.5 వస్తుంది, బేసి బీటు దగ్గర కోయాల్సివస్తే ఆ అర శాంపిలు దగ్గర ఫైలు కోయడం కుదరదు. పొర ఫైలు కూడా కింది ఫైలుతో శాంపిలుకి శాంపిలు సమానంగా ఉండాలి. కొంచెం తేడా ఉన్నా ప్రతి తిరుగుడులో పెరుగుతూ, కాసేపటికి తాళం రెండుగా వినిపిస్తుంది.

మొదటి విడత ఫైళ్లలో రెండు లోపాలు కనిపించాయి. పగటి రేవు బాణీ తిరిగి మొదలైనప్పుడల్లా గది ఒక్కసారి ఖాళీ అయినట్టు వినిపించింది. కారణం రివర్బ్. చివరి స్వరం ప్రతిధ్వని ఫైలు చివర తెగిపోయింది, మొదట్లో అది లేదు. దీనికి మందు సులువు: బాణీని వరసగా రెండుసార్లు వాయించి ఎగుమతి చేసి, రెండో సారిది మాత్రమే కోసుకోవాలి. మొదటి సారి ప్రతిధ్వని రెండోదాని మొదట్లోకి వచ్చి కలుస్తుంది. రెండోది, ఫోనులో వినడానికి పంపిన ఎంపీ3లనే ఆటలో పెట్టేశారు. ఎంపీ3 చేసేటప్పుడు ముందూ వెనకా కొద్దిగా నిశ్శబ్దం చేరుతుంది, అతుకు దగ్గర చిన్న ఆగుడు వస్తుంది. ఇవ్వాల్సింది 24 బిట్ల వేవ్ ఫైలు. ఆటలోకి .ogg ఫైలుగా మార్చుకునేది ప్రోగ్రామర్లు. పరీక్ష కూడా సులువే: ఎడిటర్‌లో లూపు పెట్టి, చివరి రెండు సెకన్లు, మొదటి రెండు సెకన్లు హెడ్‌ఫోన్‌లో కళ్లు మూసుకుని వినాలి. అతుకు ఎక్కడుందో వేలెత్తి చూపలేకపోతే ఫైలు బాగుంది.

పేర్లు ఇలా ఖాయం చేసుకున్నారు, లేకపోతే ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని ఫైళ్లు పోగవుతాయి:

```
harbour_day_base_v2.wav
harbour_day_danger_v2.wav
sea_night_base_v1.wav
```

ఇక తుఫాను. కచ్చా రూపం బాగుంది, అందరికీ నచ్చింది. ఆటలో పెట్టేసరికి ఏమీ వినబడలేదు. మొదట పంపిన వీడియోలో తుఫాను తెరకి చప్పుళ్లు ఇంకా పెట్టలేదు. తర్వాత చేరిన ఇంజను మోత, గాలి హోరు రెండూ మంద్రంలోనే ఉన్నాయి, బాణీ కూడా మంద్రంలో కీబోర్డు మీదే నడిచింది. మూడూ ఒకే చోట తోసుకున్నాయి. శబ్దం పెంచితే హోరు పెరిగిందే తప్ప బాణీ తేలలేదు. ఆటగాడికి గాలి చప్పుడు దిశ తెలియాలి, అది తగ్గించడానికి లేదు. కాబట్టి బాణీయే మారాలి. ఈసారి చప్పుళ్లతో సహా నిమిషం వీడియో పంపారు. అతను మంద్రం ఖాళీగా వదిలి, డప్పు కొట్లు, పైస్థాయిలో ఒక్క తీగ స్వరం పెట్టి కొత్తది కట్టాడు.

ఇక్కడే సందేశంలోని సగం ధర షరతు పనికొచ్చింది. 80 సెకన్ల బాణీ ధర 4,000, వద్దన్నదానికి 2,000. తప్పు ఎవరిదన్న చర్చే రాలేదు, బిల్లులో ఒక వరస పెరిగింది, అంతే. పాత తుఫాను బాణీ అతనికే మిగిలింది. సంగీతానికి చివరికి అయిన ఖర్చు 32,000, తుఫానుకి 2,000, డప్పుకి 2,500 కలిపి 36,500. వాటా మొదలయ్యే 1,50,000 అంకెని మాత్రం పెంచలేదు. పెరిగిన ఖర్చు జట్టుదే అని కాగితంలో ఉంది, లేకపోతే వీళ్లు చేసే ప్రతి అదనపు ఖర్చూ అతని వాటాని ఇంకొంచెం దూరం నెట్టేది.

చివరి 16,000 ఫైళ్లు అందిన ఐదో రోజున పంపారు. అప్పటికి గేమ్‌లో వేలం పాట జరిగే తెర ఇంకా సగమే అయింది.